ప్రతి విడతకూ ఒక చిట్టా

వేల పేర్లున్న జాబితాలో ఒకే రకం మార్పును కంప్యూటర్ ప్రోగ్రాం చేత చేయించినప్పుడు, అది ఏ పేరు దగ్గర ఏది తీసేసి ఏది పెట్టిందో అప్పటికప్పుడు రాసిపెట్టే చిట్టాను ఆడిట్ ట్రయల్ అంటారు. ప్రోగ్రాం ఒకసారి మొదలై ముగిస్తే అది ఒక విడత. చిట్టాలో ప్రతి విడతకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య కింద, మారిన ప్రతి గడికీ పాత విలువ, కొత్త విలువ పక్కపక్కనే ఉంటాయి. తప్పు జరిగిందని తర్వాత ఎప్పుడో తెలిసినా, ఆ విడత ముట్టుకున్న గడులను మాత్రమే ఏరి మళ్లీ ముందున్నట్టు పెట్టవచ్చు. ఇలా వెనక్కి తేవడాన్ని రోల్‌బ్యాక్ అంటారు.

దీన్ని మామూలు లాగ్‌తో కలిపేసుకునేవారు చాలామంది ఉన్నారు. లాగ్‌లో సాధారణంగా ఉండేది ‘10.15కి మొదలైంది, 380 వరుసలు మారాయి, 10.16కి ముగిసింది’ అన్న ధోరణి సమాచారం. ప్రోగ్రాం నడిచిందా, మధ్యలో ఆగిందా అని తెలుసుకోవడానికి అది చాలు. కానీ ఆ 380 ఏవి? మారకముందు వాటిలో ఏముంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని లాగ్ ఎంత పొడుగున్నా రోల్‌బ్యాక్‌కు పనికిరాదు.

పాత విలువ ఎందుకంత ముఖ్యమో వరంగల్ జిల్లా పేర్ల సంగతి చూస్తే బాగా అర్థమవుతుంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగింది. పాత వరంగల్ జిల్లా నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు కూడా జిల్లా అయింది. 2021 ఆగస్టులో మరో మార్పు జరిగింది. వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. పేర్లతో పాటు కొన్ని మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. రూరల్‌లో ఉన్న పరకాల హనుమకొండ జిల్లాలోకి వెళ్లింది, అర్బన్‌లో ఉన్న ఖిలా వరంగల్ వరంగల్ జిల్లాలోకి వచ్చింది.

అంటే ఒక జాబితాలో జిల్లా అన్నచోట ‘వరంగల్’ అని ఉంటే అది రెండు వేరువేరు ప్రాంతాలను సూచించవచ్చు. 2016కి ముందు రాసినదైతే ఉమ్మడి జిల్లా, 2021 తర్వాత రాసినదైతే ఒకప్పటి రూరల్‌లో ఎక్కువ భాగం. పేరు ఒకటే, హద్దులు వేరు.

ఇప్పుడు ఒక పత్రిక చందాదారుల పట్టికను ఊహించుకుందాం. అందులో 9,400 వరుసలున్నాయి. ఏళ్ల తరబడి వేరువేరు మనుషులు ఎక్కించిన పట్టిక కాబట్టి జిల్లా గడిలో మూడు రకాలూ కలిసి ఉన్నాయి. ఏనాటివో పాత చందాలు 310, వాటిలో ఉత్త ‘వరంగల్’ అని ఉంది. ‘వరంగల్ రూరల్’ అన్నవి 120, ‘వరంగల్ అర్బన్’ అన్నవి 260. కొత్త పేర్లు పెట్టేద్దామని ఒకరు ఈ రెండు ఆదేశాలు నడిపారు:

```
UPDATE subscribers SET zilla = 'హనుమకొండ'
  WHERE zilla = 'వరంగల్ అర్బన్';
UPDATE subscribers SET zilla = 'వరంగల్'
  WHERE zilla = 'వరంగల్ రూరల్';
```

అర క్షణంలో 380 వరుసలు మారాయి. ఎక్కడా ఎర్ర అక్షరం కనిపించలేదు. రెండు వారాల తర్వాత హనుమకొండ ఏజెంటు, తన కట్టలో పరకాల చిరునామా ఒక్కటీ లేదని ఫోను చేశారు. మండలాలు మారిన సంగతి ప్రోగ్రాం రాసినవారికి తట్టలేదు. రూరల్‌లోని 120 మందిలో 38 మంది హనుమకొండకు వెళ్లాలి. అర్బన్‌లోని 260 మందిలో 140 మంది వరంగల్‌లోనే ఉండాలి.

‘దీనికేం, ఆదేశాన్ని తిరగేసి నడిపితే సరి’ అనిపించడం సహజం. ‘వరంగల్’ ఉన్నచోటల్లా మళ్లీ ‘వరంగల్ రూరల్’ అని పెడితే పోదా? పోదు. ఇప్పుడు పట్టికలో ‘వరంగల్’ అన్న వరుసలు 430 ఉన్నాయి. వాటిలో 120 ఈ విడతలో మారినవి, 310 మొదటినుంచీ అలాగే ఉన్నవి. పట్టికను ఎంత తరచి చూసినా ఏది ఏదో చెప్పలేం, రెండు గుంపుల్లోనూ ఉన్నవి అవే అక్షరాలు. తిరగేసిన ఆదేశం నడిపితే ములుగు, జనగామ, మహబూబాబాద్ వైపు పాత చందాదారులు 310 మంది కూడా రూరల్‌లో పడతారు. మొదటి తప్పులో చెడింది 178 వరుసలు. దిద్దుబాటు అనుకున్నది అంతకంటే ఎక్కువ చెడగొడుతుంది.

రెండు వేరు విలువలు ఒక్కటిగా కలిసిపోయే ఏ మార్పుకైనా ఇదే గతి. ఫోను నంబర్ల ముందున్న సున్నాలు తీసేయడం, ఇంటిపేరును పొట్టి అక్షరాలుగా కుదించడం, ఖాళీ గడులన్నిటిలో ‘తెలియదు’ అని నింపడం, ఇవన్నీ ఆ కోవలోవే. ముందుకు వెళ్లే దారి ఒకటే ఉంటుంది కానీ, వెనక్కి వచ్చేటప్పుడు ఎవరు ఎక్కడినుంచి వచ్చారో మార్పు చేసిన క్షణంలో రాసుకుంటేనే తెలుస్తుంది.

రాసుకోవడానికి రెండు చిన్న పట్టికలు చాలు. మొదటిది విడతల పట్టిక. అందులో విడత సంఖ్య, నడిచిన సమయం, నడిపిన మనిషి, నడిచిన ప్రోగ్రాం ఏ ప్రతి, ఎందుకు నడిపారన్నది ఒక వాక్యం ఉంటాయి. రెండోది మార్పుల పట్టిక. అందులో విడత సంఖ్య, మారిన వరుస గుర్తింపు సంఖ్య, గడి పేరు, పాత విలువ, కొత్త విలువ ఉంటాయి. మారిన ఒక్కో గడికి ఒక్కో పద్దు. ‘ఎందుకు’ అన్న వాక్యాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. రెండేళ్ల తర్వాత చిట్టా తెరిచిన మనిషికి అన్నిటికంటే అక్కరకొచ్చేది ఆ వాక్యమే. పాత, కొత్త విలువలు ఏమి జరిగిందో చెబుతాయి. అది తప్పా, కావాలని చేసినదా అన్నది ఆ వాక్యం చెబుతుంది.

పై విడతకు 41 అన్న సంఖ్య ఇచ్చి, చిట్టా రాస్తూ నడిపితే రూరల్ భాగం ఇలా ఉండేది:

```
BEGIN;
INSERT INTO changes (run_id, row_id, col, old_value, new_value)
  SELECT 41, id, 'zilla', zilla, 'వరంగల్'
  FROM subscribers WHERE zilla = 'వరంగల్ రూరల్';
UPDATE subscribers SET zilla = 'వరంగల్'
  WHERE zilla = 'వరంగల్ రూరల్';
COMMIT;
```

ఇక్కడ వరుసక్రమం చూడదగ్గది. ముందు చిట్టా, తర్వాత మార్పు. మార్చేశాక రాద్దామంటే పాత విలువ అప్పటికే పోయి ఉంటుంది. BEGIN, COMMIT అన్న రెండు మాటల మధ్య ఉన్నదంతా డేటాబేస్ దృష్టిలో ఒకే పని. జరిగితే మొత్తం జరుగుతుంది, లేకపోతే ఏదీ జరగదు. మధ్యలో కరెంటు పోతే చిట్టా రాసి మార్పు చేయకపోవడం గానీ, మార్చేసి చిట్టా రాయకపోవడం గానీ ఉండదు. చిట్టాను విడిగా ఒక టెక్స్ట్ ఫైలులో రాసే ప్రోగ్రాములకు ఈ రక్షణ లేదు. ప్రోగ్రాం సగంలో ఆగిపోతే ఫైలు ఒక మాట చెబుతుంది, పట్టిక మరో మాట చెబుతుంది, ఏది నమ్మాలో తెలియదు.

COMMIT అనేముందు మరో చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. చిట్టాలో ఎక్కిన పద్దులెన్ని, మారిన వరుసలెన్ని అన్న రెండు సంఖ్యలనూ డేటాబేసే చెబుతుంది. రెండూ 120 అయితే సరే. ఒకటి 120, మరొకటి 121 అయితే ఆ రెప్పపాటులో ఇంకెవరో పట్టికలో చెయ్యి పెట్టారని అర్థం. అప్పుడు COMMIT బదులు ROLLBACK అంటే మొత్తం రద్దవుతుంది.

ఈ ROLLBACK అన్న ఆదేశం చూసి, డేటాబేస్‌లోనే వెనక్కి తెచ్చే ఏర్పాటు ఉంది కదా, వేరే చిట్టా దేనికి అని కొందరు అనుకుంటారు. ఆ ఆదేశం COMMIT అనేవరకే పనిచేస్తుంది. డేటాబేస్ లోలోపల రాసుకునే లాగ్ ఉన్నది, కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిన పనిని రద్దుచేయడానికి, పూర్తయిన పని చెదిరిపోకుండా కాపాడడానికి. COMMIT అయిన మార్పు దాని లెక్కలో పూర్తయిన పని, అది మనిషి చేసిన పొరపాటైనా సరే కాపాడుతుంది. హనుమకొండ ఏజెంటు ఫోను చేసింది రెండు వారాల తర్వాత. అప్పటికి ROLLBACK అని కొట్టినా రద్దు కావడానికి ఏమీ ఉండదు.

బ్యాకప్ మాటేమిటి? 41వ విడతకు ముందురోజు రాత్రి తీసిన బ్యాకప్ ఉంటే పాత జిల్లాలన్నీ అందులో భద్రంగానే ఉంటాయి. కానీ బ్యాకప్‌ను మొత్తంగా తెచ్చి పెట్టేస్తే ఈ రెండు వారాల్లో చేరిన కొత్త చందాలు, మారిన చిరునామాలు, కట్టిన డబ్బు వివరాలు అన్నీ మాయమవుతాయి. తప్పుతో పాటు ఒప్పు కూడా పోతుంది. చిట్టా లేనప్పుడు బ్యాకప్‌ను పక్కన వేరే చోట తెరిచి, రెంటినీ వరుస వరుసకూ పోల్చి తేడాలు తీయవచ్చు. అది పనికొచ్చే దారే. అయితే ఆ తేడాల్లో ఏది విడత మార్చింది, ఏది గుమాస్తా మార్చారు అన్నది మళ్లీ మనిషి కూర్చుని తేల్చుకోవలసిందే.

చిట్టా ఉంటే ముందు తప్పు ఎంతవరకు పాకిందో చూడవచ్చు. 41వ విడత పద్దులను చందాదారుల మండలాలతో జతచేసి, ఒక్కో మండలంలో ఎన్ని మారాయో లెక్క తీస్తే, పరకాల ఎదురుగా కొత్త విలువ ‘వరంగల్’ అని కనిపిస్తుంది, ఖిలా వరంగల్ ఎదురుగా ‘హనుమకొండ’ అని కనిపిస్తుంది. స్థానికులెవరైనా చూడగానే చెప్పగల తప్పులివి. అసలు ఈ లెక్కనే COMMIT కు ముందు తీసి ఎవరికైనా చూపి ఉంటే పని అక్కడే ఆగేది. మార్పు చేయకుండా చిట్టా మాత్రం రాసి చూపే ఇలాంటి ఉత్తుత్తి విడతను డ్రై రన్ అంటారు. చిట్టా రాసే ఏర్పాటు ఉన్నచోట డ్రై రన్‌కు అదనపు శ్రమ దాదాపు ఉండదు, COMMIT ఒక్కటి ఆపితే చాలు.

ఇక వెనక్కి తేవడం. 41వ విడత పద్దులన్నిటికీ పాత విలువలు గుడ్డిగా పెట్టేయకూడదు. రెండు వారాల్లో ఎవరైనా ఆ గడులను మళ్లీ మార్చి ఉండవచ్చు. ఒక చందాదారు ఇల్లు మారి ఖమ్మం వెళ్లి, కొత్త చిరునామా చెప్పి ఉండవచ్చు. ఆయన్ను మళ్లీ ‘వరంగల్ రూరల్’కు తెచ్చి కూర్చోబెడితే అది కొత్త తప్పు. అందుకని గడిలో ఇప్పుడున్న విలువ, ఆ విడత పెట్టిన కొత్త విలువ ఒకటే అయితేనే వెనక్కి తేవాలి:

```
UPDATE subscribers SET zilla =
  (SELECT old_value FROM changes c
   WHERE c.run_id = 41 AND c.row_id = subscribers.id)
WHERE EXISTS (SELECT 1 FROM changes c
   WHERE c.run_id = 41 AND c.row_id = subscribers.id
   AND c.new_value = subscribers.zilla);
```

కొత్త విలువ కూడా చిట్టాలో ఎందుకుండాలో ఇక్కడ తెలుస్తుంది. పాత విలువ ఒక్కటే ఉంటే ఈ పోలిక కుదరదు. మన పట్టికలో 380 పద్దుల్లో 371 వెనక్కి వచ్చాయి, 9 రాలేదు అనుకుందాం. ఆ తొమ్మిదీ విడత తర్వాత మనిషి చెయ్యి పడినవి. వాటిని విడిగా ఒక కాగితం మీదికి తీసి, ఒక్కొక్కటీ చూసి తేల్చాలి. ఈ పద్ధతిలో మరో సుఖం ఉంది. పొరపాటున దీన్ని రెండుసార్లు నడిపినా నష్టం లేదు. రెండోసారికి ఏ గడిలోనూ కొత్త విలువ మిగిలి ఉండదు కాబట్టి ఏదీ మారదు.

అయినా ఈ పోలిక అన్నిటినీ పట్టుకోదు. ఒక గుమాస్తా ఫోను చేసి, ఫలానా చందాదారు ఇప్పుడు వరంగల్ జిల్లాలోనే ఉన్నారని రూఢి చేసుకుని, గడిలో అప్పటికే ‘వరంగల్’ అని ఉంది కాబట్టి అలాగే సేవ్ చేశారనుకోండి. విలువ మారలేదు, కానీ దాని వెనక ఇప్పుడు ఒక మనిషి పరిశీలన ఉంది. రోల్‌బ్యాక్‌కు ఆ సంగతి తెలియదు, దాన్ని మళ్లీ ‘వరంగల్ రూరల్’ చేసేస్తుంది. దీనికి విరుగుడుగా ప్రతి వరుసకూ ఒక ప్రతి సంఖ్య పెడతారు. ఎవరు సేవ్ చేసినా, విలువ మారినా మారకపోయినా ఆ సంఖ్య ఒకటి పెరుగుతుంది. రోల్‌బ్యాక్ అప్పుడు విలువను కాక ప్రతి సంఖ్యను పోలుస్తుంది.

ఖాళీ గడుల దగ్గర మరో మెలిక ఉంది. డేటాబేస్‌లో ఏమీ రాయని గడిని NULL అంటారు. ఏమీ లేదు అని రాసిన ఖాళీ మాట వేరు. NULL ను NULL తో పోల్చి సమానమా అని అడిగితే SQL అవునని చెప్పదు. కాబట్టి ఒక విడత కొన్ని గడులను తుడిచి NULL చేసి ఉంటే, పై ఆదేశం వాటిని వెనక్కి తేకుండా చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. వచ్చిన వరుసలనూ చిట్టా పద్దులనూ లెక్క కట్టి చూసినవారికే ఈ లోటు కనిపిస్తుంది.

తెలుగు రాతలో ఇలాంటిదే ఇంకొకటి. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే ‘వరంగల్’ వంటి మాట చివర కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి, దాని సంఖ్య U+200C. తెర మీద రెండు వరంగల్‌లూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు మాత్రం వేరు. ‘వరంగల్ రూరల్’ అన్నవాటిలో అలాంటివి పది ఉంటే ఆదేశం వాటిని ముట్టుకోదు. చిట్టాలో పద్దులు తక్కువ రావడం వల్లనే అది బయటపడుతుంది. చిట్టా రాసేటప్పుడు ఖాళీలు కత్తిరించి, అక్షరాలు శుభ్రం చేసి రాయాలన్న ఉత్సాహం కూడా పనికిరాదు. ఉన్నది ఉన్నట్టే, కనిపించని గుర్తుతో సహా రాయాలి. లేకపోతే వెనక్కి తెచ్చింది మునుపటి స్థితి కాదు, దాన్ని పోలిన మరొకటి.

రోల్‌బ్యాక్ కూడా ఒక విడతే. దానికి 43 అని సంఖ్య ఇచ్చి, ‘41ని వెనక్కి తెచ్చాం, మండలాల మార్పు లెక్కలోకి తీసుకోలేదు’ అని కారణం రాసి, 371 మార్పులనూ మళ్లీ చిట్టాకెక్కించాలి. 41 పద్దులను తుడిచేయకూడదు. చిట్టాపద్దుల పుస్తకంలో తప్పు పడితే గుమాస్తా కాగితం చించడు, ఎదురు పద్దు రాస్తాడు. ఇదీ అంతే. 41 పద్దులు తుడిచేస్తే, ఆ రెండు వారాల్లో ఏజెంట్లకు వెళ్లిన జాబితాలు ఎందుకలా ఉన్నాయో తర్వాత ఎవరూ చెప్పలేరు. పైగా రోల్‌బ్యాకే తప్పని తేలితే, దాన్ని వెనక్కి తేవడానికి 43 పద్దులు కావాలి.

మధ్యలో 42 ఒకటి ఉందన్నది మరచిపోకూడదు. అది జిల్లా, పిన్‌కోడ్ కలిపి చిరునామా చీటీ మీద ముద్రించే పంక్తిని తయారుచేసిన విడత అయితే, 41 తప్పును అది తన పంక్తుల్లోకి మోసుకుపోయి ఉంటుంది. 41ని మాత్రమే వెనక్కి తెస్తే జిల్లా గడి ఒకటి చెబుతుంది, చీటీ పంక్తి మరొకటి చెబుతుంది. అందుకే చివరి విడతనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వెనక్కి రావాలి, లేదా 41 తర్వాత 42ను మళ్లీ నడిపించాలి. ఏ విడత ఏ విడత మీద ఆధారపడిందో చిట్టా తనంత తాను చెప్పదు. ఏ గడి చదివి ఏ గడి రాసిందో విడత కారణంలో రాసి ఉంటే పని తేలికవుతుంది.

ఇంత వ్యవహారమూ బహిరంగంగా జరిగేచోటు వికీపీడియా. అక్కడ ఏ పేజీని ఎవరు సేవ్ చేసినా మొత్తం పాఠం కొత్త కూర్పుగా నిలుస్తుంది, పాతది అలాగే ఉంటుంది. చరిత్ర ట్యాబ్‌లో సమయం, వాడుకరి, సారాంశం కనిపిస్తాయి. మార్పును రద్దు చేయబోతే, తర్వాతి వారు అదే చోట దిద్ది ఉన్న పక్షంలో సాఫ్ట్‌వేర్ కుదరదని చెబుతుంది. రోల్‌బ్యాక్ బొత్తామైతే, ఆ పేజీలో చివరి మార్పులు ఆ వాడుకరివే అయినప్పుడే పనిచేస్తుంది. పై తొమ్మిది వరుసలను పక్కన పెట్టిన జాగ్రత్తే ఇది. తెలంగాణ జిల్లాలు మారినప్పుడు తెలుగు వికీపీడియాలో గ్రామాల పేజీల్లో మండలం, జిల్లా పేర్లు పెద్ద ఎత్తున మార్చవలసి వచ్చింది కాబట్టి అక్కడి వారికి ఈ బాధ కొత్తది కాదు.

అయితే ఆ చరిత్ర పేజీకి ఒకటిగా ఉంటుంది. ఒక బాట్ వెయ్యి పేజీలు మారిస్తే, ఆ వెయ్యీ ఒకే విడతవని ఏ పేజీ చరిత్ర చూసినా తెలియదు. వికీడేటాలో దీనికి ఒక దారి కనిపెట్టారు. QuickStatements అన్న పనిముట్టు తాను చేసే ప్రతి మార్పు సారాంశంలోనూ ఆ విడత సంఖ్య రాస్తుంది. EditGroups అన్న మరో పనిముట్టు ఆ సంఖ్యలను చదివి, ఒక విడతలోని మార్పులన్నిటినీ ఒకచోట చేర్చి, మొత్తాన్ని రద్దుచేసే వీలు కల్పిస్తుంది. వేలాది మార్పుల్ని వెనక్కి తేవడం సారాంశంలో రాసిన ఒక్క సంఖ్య మీద ఆధారపడి ఉంది.

చిట్టా రాసేది ఎవరన్నది మరో ప్రశ్న. పై ఉదాహరణలో ప్రోగ్రామే రాసింది. రాయని ప్రోగ్రాం ఒకటి వస్తే అక్కడ గండి పడుతుంది. దీనికోసం డేటాబేస్‌లోనే ట్రిగ్గర్ పెట్టవచ్చు. పట్టికలో ఏ గడి మారినా, ఎవరు మార్చినా, ట్రిగ్గర్ పాత, కొత్త విలువలను తానే రాస్తుంది. గుమాస్తా చేత్తో చేసిన మార్పు కూడా అందులో పడుతుంది. అయితే ట్రిగ్గర్‌కు కారణం తెలియదు, ప్రోగ్రాం చెబితే తప్ప విడత సంఖ్యా తెలియదు. రెండూ ఉండి, ప్రోగ్రాం మొదట తన విడత సంఖ్యను డేటాబేస్‌కు చెప్పి, రాసే పని ట్రిగ్గర్‌కు వదిలేయడం మేలైన ఏర్పాటు.

లెక్కల సాఫ్ట్‌వేర్ విషయంలో భారత ప్రభుత్వం ఇదే సంగతిని నిబంధనగా పెట్టింది. 2014 నాటి కంపెనీల అకౌంట్స్ నియమాలకు చేసిన సవరణ ప్రకారం, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి లావాదేవీకీ ఆడిట్ ట్రయల్ రాయాలి. ఏ మార్పు ఏ తేదీన జరిగిందో చూపాలి. ఆ ఏర్పాటును ఆపేసే వీలు ఉండకూడదు. ఆపేసే వీలు గురించిన ఆ ముక్కే అసలైనది. చెరిపేయగలిగిన చిట్టా, కావాలనుకున్నప్పుడు ఆపి మళ్లీ మొదలుపెట్టగలిగిన చిట్టా, పొరపాట్లు దిద్దుకోవడానికి పనికొస్తుందేమో గానీ సాక్ష్యానికి నిలవదు. మన చందాదారుల పట్టికలో కూడా, విడతలు నడిపే ఖాతాకు మార్పుల పట్టికలో కొత్త పద్దు చేర్చే అధికారం మాత్రమే ఇచ్చి, దిద్దే, తీసేసే అధికారాలు ఇవ్వకుండా ఉంచవచ్చు.

చిట్టా ఎంత బాగున్నా పట్టిక దాటి బయటికి పోయినదాన్ని వెనక్కి తేలేదు. ఆ రెండు వారాల్లో ముద్రించిన చిరునామా చీటీలు, ఏజెంట్లకు పంపిన జాబితాలు, చందాదారుల ఫోన్లకు వెళ్లిన సందేశాలు, లెక్కల విభాగం తన ఎక్సెల్‌లోకి తీసుకున్న నకలు, వీటిలో తప్పు అలాగే ఉంటుంది. ఏ విడత తర్వాత ఏ జాబితా బయటికి వెళ్లిందో కూడా రాసి ఉంటే, ఎవరెవరికి కొత్తది పంపాలో తెలుస్తుంది. అంతకు మించి డేటాబేస్ చేయగలిగింది లేదు.

వరుసలు తీసేసే విడతల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ ఒక గడి పాత విలువ రాస్తే చాలదు, వరుస మొత్తం, దాని గుర్తింపు సంఖ్యతో సహా రాయాలి. తిరిగి చేర్చేటప్పుడు డేటాబేస్ కొత్త సంఖ్య ఇస్తే, ఆ చందాదారు పాత రశీదులన్నీ లేని మనిషిని చూపుతుంటాయి. అందుకే చాలాచోట్ల నిజంగా తీసేయకుండా ‘తొలగించినది’ అని ఒక గుర్తు పెట్టి ఊరుకుంటారు.

ఎంతకాలం ఉంచాలన్నది చివరి సంగతి. కంపెనీలు తమ లెక్కల పుస్తకాలను ఎనిమిదేళ్లు ఉంచాలన్న చట్టం ఉంది కాబట్టి వాటి ఆడిట్ ట్రయల్‌నూ అంతకాలం ఉంచవలసి ఉంటుంది. చందాదారుల పట్టికకు అంత అక్కర్లేదు. పైగా చిట్టాలో పాత ఫోను నంబర్లు, పాత చిరునామాలు పోగుపడుతూ ఉంటాయి. ఒక చందాదారు తన వివరాలు తీసేయమని అడిగితే పట్టికలోంచి తీసేసినా అవి చిట్టాలో మిగిలే ఉంటాయి. దిద్దే అధికారం లేని చిట్టాలోంచి వాటిని ఎవరు, ఏ పద్ధతిలో తీయాలో ముందే నిర్ణయించుకోవాలి. కొందరు పద్దును ఉంచి, పాత, కొత్త విలువలను మాత్రం చెరుపుతారు. అప్పుడు ఆ గడి ఎప్పుడు మారిందో తెలుస్తుంది కానీ ఏముండేదో తెలియదు, ఆ ఒక్క వరుసకు రోల్‌బ్యాక్ ఇక కుదరదు.